పది వోల్టులు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో ఒక చిన్న ప్రయోగం ఉంటుంది. ఒక రెసిస్టర్, ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్ తీసుకుని ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. సిగ్నల్ జనరేటర్ నుంచి వాటికి ఒక వోల్టు ఏసీ ఇస్తారు. జనరేటర్ మీద ఉండే ఫ్రీక్వెన్సీ మీటను నెమ్మదిగా తిప్పుతూ పోతే, ఒకచోటికి వచ్చేసరికి కెపాసిటర్ రెండు కొసల మధ్య వోల్టేజీ పెరిగి పెరిగి పది వోల్టుల దాకా పోవాలి. ఇచ్చింది ఒకటి, వచ్చేది పది. సర్క్యూట్‌లో యాంప్లిఫయర్ లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు.

అదే ఏడాది గణితం క్లాసులో మరో పని జరుగుతుంటుంది. రెండో క్రమపు అవకలన సమీకరణానికి కాంప్లిమెంటరీ ఫంక్షన్ కనుక్కో, పర్టిక్యులర్ ఇంటిగ్రల్ కనుక్కో, రెండూ కలుపు అంటారు. విద్యార్థి కలుపుతాడు, మార్కులు వస్తాయి. ఆ రెండు ముక్కలూ ల్యాబ్‌లోని ఆ మూడు వస్తువుల కథేనని, ఆ పది వోల్టులు వాటిలోనే ఉన్నాయని చూపించడం ఈ వ్యాసం పని.

ముందు సమీకరణం ఎలా పుడుతుందో చూద్దాం. కెపాసిటర్‌లో ఏ క్షణానికి ఎంత ఆవేశం చేరిందో దాన్ని q అనుకుందాం. ఆవేశం మారే వేగమే కరెంటు, అంటే q'. కరెంటు మారే వేగం q''. తీగచుట్టకు కరెంటు మారడం గిట్టదు. ఎంత వేగంగా మారితే అంత వోల్టేజీతో అడ్డుపడుతుంది, అది L q''. రెసిస్టర్ కరెంటును బట్టి అడ్డుపడుతుంది, అది R q'. కెపాసిటర్ తనలో పోగైన ఆవేశాన్ని బట్టి అడ్డుపడుతుంది, అది q/C. ఈ మూడూ కలిపితే జనరేటర్ ఇచ్చిన వోల్టేజీకి సమానం కావాలి. కిర్కాఫ్ వోల్టేజీ నియమం చెప్పేది అంతే.

L q'' + R q' + q/C = V cos ωt

మెకానికల్ బ్రాంచి విద్యార్థి ఇదే సమీకరణాన్ని ఇంకో వేషంలో చూస్తాడు. స్ప్రింగుకు వేలాడే బరువు, దాని కదలికను అణిచే డ్యాంపర్, దాన్ని ఊపే ఒక బలం.

m x'' + c x' + k x = F cos ωt

తీగచుట్ట ఉన్నచోట బరువు, రెసిస్టర్ ఉన్నచోట డ్యాంపర్, కెపాసిటర్ ఉన్నచోట స్ప్రింగు. బరువుకు ఉన్నట్టే తీగచుట్టకూ జడత్వం ఉంటుంది. స్ప్రింగు సాగదీసినకొద్దీ వెనక్కి లాగినట్టే కెపాసిటర్ నిండినకొద్దీ వెనక్కి తోస్తుంది. ఇది పోలిక కోసం చెప్పే మాట కాదు. గణితానికి ఈ రెండింటి మధ్య తేడా ఏమీ లేదు కాబట్టి ఒకదానికి కట్టిన జవాబు రెండోదానికీ అక్షరం మార్చకుండా చెల్లుతుంది. మనం సర్క్యూట్‌తోనే సాగుదాం, చివర్లో ఒక వంతెన దగ్గర స్ప్రింగు వేషానికి వద్దాం.

అంకెలు వేద్దాం. తీగచుట్ట 100 మిల్లీహెన్రీలు, కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్, రెసిస్టర్ 100 ఓమ్‌లు. జనరేటర్ ఇచ్చే వోల్టేజీ శిఖరం 1 వోల్టు. వీటిని పెట్టి, సమీకరణం మొత్తాన్ని L తో భాగిస్తే చేతికి వచ్చేది ఇది:

q'' + 1000 q' + 10⁸ q = 10 cos ωt

ముందు కుడివైపు సున్నా అనుకుందాం. అంటే జనరేటర్‌ను తీసేసి, కెపాసిటర్‌లో కాస్త ఆవేశం పెట్టి వదిలేశాం. m² + 1000 m + 10⁸ = 0 అన్న వర్గ సమీకరణం వస్తుంది. దాని మూలాలు −500 ± 9987i. మూలంలో ఉన్న ఊహాభాగం సర్క్యూట్ తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెబుతుంది: 9987 రేడియన్లు, అంటే సుమారు 1590 ఊపులు. వాస్తవ భాగం −500 ఆ ఊపు ఎంత త్వరగా చచ్చిపోతుందో చెబుతుంది. ఊపు ఎత్తు e⁻⁵⁰⁰ᵗ లెక్కన తగ్గుతుంది. 2 మిల్లీసెకన్లలో మూడో వంతుకు కాస్త ఎక్కువ మిగులుతుంది, 10 మిల్లీసెకన్లు దాటేసరికి నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఆ 500 వచ్చింది R/2L నుంచి. ఊపు ఎంతసేపు బతకాలో R చేతిలో ఉందన్న సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోండి. R ను 2000 ఓమ్‌లకు పెంచితే మూలాల్లో ఊహాభాగమే పోతుంది. అప్పుడు సర్క్యూట్ ఊగనే ఊగదు, నేరుగా సున్నాకు దిగిపోతుంది.

ఇదే కాంప్లిమెంటరీ ఫంక్షన్. ఇక కుడివైపు జనరేటర్‌ను తిరిగి పెడదాం. సర్క్యూట్‌కు తన సొంత లయ ఉన్నా, అది చచ్చిపోయాక మిగిలేది జనరేటర్ లయే. కాబట్టి పర్టిక్యులర్ ఇంటిగ్రల్ కూడా ω లయతోనే ఊగుతుంది. దాని ఎత్తు మాత్రం ఇలా వస్తుంది:

10 / √[(10⁸ − ω²)² + (1000 ω)²]

ఈ సూత్రంలో బ్రాకెట్ల లోపలి రెండు ముక్కలను విడివిడిగా చూడాలి. మొదటి ముక్కలో కెపాసిటర్ వాటా 10⁸, దానిలోంచి తీసేస్తున్న ω² తీగచుట్ట వాటా. రెండో ముక్క పూర్తిగా రెసిస్టర్‌ది. ఫ్రీక్వెన్సీ చాలా తక్కువగా ఉన్నప్పుడు కెపాసిటర్ వాటాయే రాజ్యం చేస్తుంది. కెపాసిటర్ మీద వోల్టేజీ దాదాపు 1 వోల్టు, అంటే ఇచ్చిందే వచ్చింది. ω ను 5000 చేస్తే 1.33 వోల్టులు. 20000 చేస్తే తీగచుట్ట అడ్డుపడడం ఎక్కువై 0.33 వోల్టుకు పడిపోతుంది. కానీ ω సరిగ్గా 10000 అయినప్పుడు ω² కూడా 10⁸ అవుతుంది, మొదటి ముక్క సున్నా అయిపోతుంది. తీగచుట్ట ఒకవైపు తోస్తున్నంత బలంతోనే కెపాసిటర్ రెండోవైపు తోస్తుంది. రెండూ చెల్లుకు చెల్లు. జనరేటర్‌కు ఎదురుగా నిలబడేది ఒక్క రెసిస్టరే. 1 వోల్టును 100 ఓమ్‌లతో భాగిస్తే 10 మిల్లీయాంపియర్ల కరెంటు. ఆ కరెంటు కెపాసిటర్ గుండా పోవాలంటే దాని అడ్డు 1000 ఓమ్‌లు, అంటే 10 వోల్టులు కావాలి. తీగచుట్ట మీద కూడా 10 వోల్టులే, కాకపోతే ఎదురు దిశలో. అందుకే మొత్తం కూడితే మళ్లీ 1 వోల్టే వస్తుంది, కిర్కాఫ్ నియమం ఎక్కడా తప్పలేదు. ఇదే అనునాదం, ల్యాబ్ భాషలో రెజొనెన్స్. సాధారణ ఫ్రీక్వెన్సీలో చెప్పాలంటే సుమారు 1592 హెర్ట్జ్ దగ్గర.

పది రెట్లు అన్న ఆ సంఖ్యకు క్వాలిటీ ఫ్యాక్టర్ అని పేరు. L, C అలాగే ఉంచి R ను సగం చేస్తే ఇరవై రెట్లు అవుతుంది, రెట్టింపు చేస్తే ఐదు రెట్లే. అనునాదం గురించి చెప్పమంటే చాలామంది L, C ల గురించి చెబుతారు. అవి ఎక్కడ జరుగుతుందో నిర్ణయిస్తాయి, నిజమే. కానీ అక్కడ ఎంత జరుగుతుంది, ఎంతసేపట్లో జరుగుతుంది అనేవి R నిర్ణయిస్తుంది. మిగతా రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక రంగంలో మిగిలేది అదొక్కటే కదా.

అయినా శక్తి లెక్క అడగాల్సిందే. ఒక వోల్టు ఇచ్చి పది వోల్టులు పొందితే శక్తి ఊరికే పుట్టినట్టేనా? కాదు. అనునాదంలో సర్క్యూట్ లోపల అటూ ఇటూ తిరుగుతూ ఉండే శక్తి 5 మైక్రోజౌళ్లు. కాసేపు కెపాసిటర్‌లో ఉంటుంది, కాసేపు తీగచుట్టలో ఉంటుంది. ఒక్కో ఊపుకు రెసిస్టర్ వేడి రూపంలో తినేది 3.14 మైక్రోజౌళ్లు, జనరేటర్ కొత్తగా పోసేదీ సరిగ్గా అంతే. మొదట్లో లోపల ఏమీ లేదు కాబట్టి తినేదీ తక్కువే, పోసిందాంట్లో చాలావరకు పోగవుతుంది. పోగైనకొద్దీ ఊపు పెరుగుతుంది, ఊపుతోపాటు రెసిస్టర్ తిండీ పెరుగుతుంది. రెండూ సమానమైన చోట పెరుగుదల ఆగిపోతుంది. పిల్లను ఉయ్యాలలో ఊపేటప్పుడు ఉయ్యాల ఎటు పోతుంటే అటే తోస్తాం కదా, అనునాదంలో జనరేటర్ వోల్టేజీ కూడా కరెంటు ఎటు పోతుంటే అటే తోస్తుంది. అందుకే ఇచ్చిన ప్రతి తోపూ శక్తిగా లోపలికి చేరుతుంది. లయ తప్పితే కొన్ని క్షణాల్లో తోపు ఎదురుగా పడి, ఇచ్చిందాంట్లో కొంత వెనక్కి వచ్చేస్తుంది.

ఇక్కడ పాఠ్యపుస్తకాల్లోని ఒక ముడి కూడా విప్పుకోవచ్చు. R సున్నా అయితే జవాబులో t sin ω₀t అనే పదం వస్తుంది, అది ఎప్పటికీ పెరుగుతూనే పోతుంది. లియొన్‌హార్డ్ ఆయిలర్ 1739లోనే డోలకం మీద పనిచేస్తూ ఈ ఫలితాన్ని పట్టుకున్నాడు. తర్వాతి పేజీలో R ఉన్న సర్క్యూట్‌కు జవాబు ఒక ఎత్తు దగ్గర ఆగిపోతుంది. రెండు పేజీల మధ్య ఏం జరిగిందో పుస్తకం చెప్పదు. మన అంకెలతో చూస్తే విషయం తేటపడుతుంది. R లేకపోతే కెపాసిటర్ మీద ఊపు ఎత్తు మిల్లీసెకనుకు 5 వోల్టుల చొప్పున పెరుగుతుంది. R ఉన్నప్పుడు ఎత్తు 10(1 − e⁻⁵⁰⁰ᵗ) లెక్కన పెరుగుతుంది. దీని మొదటి వాలు లెక్కవేసి చూడండి, అదీ మిల్లీసెకనుకు 5 వోల్టులే. రెండూ ఒకే వాలుతో బయలుదేరతాయి. తర్వాత R ఉన్న గీత వంగడం మొదలుపెట్టి, 2 మిల్లీసెకన్లకు 6.3 వోల్టుల దగ్గర, 10 మిల్లీసెకన్లకు 9.9 దగ్గర ఉంటుంది. R లేని గీత అదే సమయానికి 50 వోల్టులు దాటిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. కాంప్లిమెంటరీ ఫంక్షన్‌ను ‘కొద్దిసేపట్లో పోయేదే’ అని వదిలేయకూడదు అనడానికి కారణం ఇదే. నిలకడ ఊపు ఒక్కసారిగా ప్రత్యక్షం కాదు. ఆ ఎత్తుకు ఎక్కే దారి మొత్తం కాంప్లిమెంటరీ ఫంక్షన్ రాసిందే.

ఇప్పుడు ల్యాబ్ బల్ల దగ్గరికి వెళదాం. అక్కడ అసలు ముచ్చట మొదలవుతుంది, ఎందుకంటే పది వోల్టులు రావు. ఐదు వోల్టుల లోపే వచ్చి ఆగిపోతుంది. శిఖరం ఉండాల్సిన చోటే ఉంటుంది, 1590 హెర్ట్జ్ చుట్టుపక్కలే, కానీ పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. చాలా రికార్డు పుస్తకాల్లో దీనికి ‘ప్రయోగ దోషం’ అని ఒక మాట రాసి ముగిస్తారు. అది అన్యాయం. శిఖరం స్థానం సరిగ్గా ఉందంటే L, C సరిగ్గా ఉన్నాయి. ఎత్తు తగ్గిందంటే మనం లెక్కలోకి తీసుకోని R ఎక్కడో దాక్కుని ఉంది.

అది రెండు చోట్ల ఉంటుంది. తీగచుట్ట అంటే గజాలకొద్దీ సన్నటి రాగి తీగ, దానికి సొంత నిరోధం ఉంటుంది. 100 మిల్లీహెన్రీల చుట్టకు 60 ఓమ్‌లు అనుకుందాం. మల్టీమీటర్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. రెండోది సిగ్నల్ జనరేటర్ లోపలే ఉంది. సాధారణంగా వీటి అంతర్గత నిరోధం 50 ఓమ్‌లు. అన్నీ కలిపితే సర్క్యూట్‌లో ఉన్న R వంద కాదు, 210. అప్పుడు కరెంటు 4.76 మిల్లీయాంపియర్లే, కెపాసిటర్ మీద వోల్టేజీ 4.76 వోల్టులే. శిఖరం వెడల్పు కూడా అదే కథ చెబుతుంది. కరెంటు శిఖరంలో 0.707 వంతుకు పడిపోయే రెండు ఫ్రీక్వెన్సీల మధ్య దూరం R/2πL. 100 ఓమ్‌లకు అది 159 హెర్ట్జ్, 210 ఓమ్‌లకు 334 హెర్ట్జ్. వెడల్పును కొలిచి వెనక్కి లెక్కవేస్తే 210 అని సర్క్యూటే చెబుతుంది.

జనరేటర్ లోపలి నిరోధాన్ని కంటితో చూడాలంటే ఆసిలోస్కోప్ రెండో చానెల్‌ను జనరేటర్ కొసల మీద పెట్టాలి. అనునాదానికి దూరంగా ఉన్నప్పుడు అక్కడ దాదాపు 1 వోల్టు ఉంటుంది. దగ్గరికి వచ్చేకొద్దీ అది తగ్గుతూ, సరిగ్గా అనునాదం దగ్గర 0.76 వోల్టుకు కుంగుతుంది. మిగతాది జనరేటర్ లోపలి 50 ఓమ్‌ల మీద పడిపోయింది. ఈ కుంగుబాటు కనబడితే ప్రయోగం చెడిపోయినట్టు కాదు. ‘స్థిర వోల్టేజీ’ అని మోడల్‌లో రాసుకున్న మాట నిజం కాదని సర్క్యూట్ చెబుతున్నట్టు.

నాకు ఇంకా ఇష్టమైన పరీక్ష ఒకటి ఉంది. జనరేటర్‌ను సైన్ తరంగం నుంచి తక్కువ ఫ్రీక్వెన్సీ స్క్వేర్ తరంగానికి, ఉదాహరణకు 20 హెర్ట్జ్‌కు మార్చండి. వోల్టేజీ ఎగిరి నిలిచిన ప్రతిసారీ కెపాసిటర్ మీద ఊపు మొదలై, చిన్నదవుతూ ఆరిపోవడం స్క్రీన్ మీద కనబడుతుంది. గణితం క్లాసులో నల్లబల్ల మీద గీసిన కాంప్లిమెంటరీ ఫంక్షన్ అచ్చంగా అదే. ఊపు చివరికి స్థిరపడే మట్టం నుంచి ఒక శిఖరం ఎత్తు కొలిచి, తర్వాతి శిఖరం ఎత్తుతో పోల్చండి. R వంద అయితే తర్వాతి శిఖరం ముందుదానిలో 73 శాతం ఉండాలి. 210 అయితే సుమారు 51 శాతం. సగానికి పడుతోందంటే దాక్కున్న R దొరికినట్టే. ఫ్రీక్వెన్సీ మీటను ముట్టకుండా, ఒక్క బొమ్మ చూసి అనునాద శిఖరం ఎంత ఎత్తు ఉంటుందో ముందే చెప్పవచ్చు.

పరీక్షల్లో తరచూ తడబడే చిన్న విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. కరెంటు శిఖరం సరిగ్గా ω = 10000 దగ్గరే వస్తుంది. కెపాసిటర్ వోల్టేజీ శిఖరం మాత్రం కాస్త కిందికి, 9975 దగ్గర వస్తుంది. సొంత ఊపు 9987 దగ్గర ఉంటుంది. R తక్కువైతే ఈ మూడింటి తేడా పట్టించుకోనక్కర్లేదు. R వెయ్యి ఓమ్‌లైతే వోల్టేజీ శిఖరం 7071 దాకా జారిపోతుంది. సుమారు 1414 ఓమ్‌లు దాటితే శిఖరమే ఉండదు. స్ప్రింగు, బరువుల లెక్కలో కొలిచేది స్థానాన్ని కాబట్టి, అది కెపాసిటర్ వోల్టేజీలాగే ప్రవర్తిస్తుంది. ‘అనునాద ఫ్రీక్వెన్సీ ఎంత?’ అని ప్రశ్న వస్తే ‘దేనికి?’ అని ముందు చూసుకోవాలి.

R ను ఎంత తక్కువ చేస్తే అంత మంచిదైన చోటు ఒకటుంది, రేడియో. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వినిపిస్తుంది. ట్రాన్సిస్టర్ రేడియో లోపల ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన తీగచుట్ట, దానికి కలిపిన గ్యాంగ్ కండెన్సర్ ఉంటాయి. బొమ్మలో ఆ రెండూ సమాంతరంగా కనిపిస్తాయి కానీ, స్టేషన్ సిగ్నల్ పుట్టేది తీగచుట్ట లోపలే కాబట్టి సర్క్యూట్ మన వరుస సర్క్యూట్‌లాగే నడుస్తుంది. చుట్ట 200 మైక్రోహెన్రీలైతే, ముల్లు 837 మీదికి వచ్చేసరికి కండెన్సర్ సుమారు 181 పికోఫారడ్‌ల దగ్గర ఉండాలి. మనదేశంలో మీడియం వేవ్ స్టేషన్ల స్థానాలు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి. శిఖరం వెడల్పు అంతకు మించకూడదంటే క్వాలిటీ ఫ్యాక్టర్ 93 దాకా ఉండాలి, అంటే మొత్తం R దాదాపు 11 ఓమ్‌లే. కడ్డీ మీది చుట్టకు సన్నటి పోగులు పేనిన తీగ వాడేది ఆ ఓమ్‌లను తగ్గించడానికే. అయినా ఈ ఒక్క సర్క్యూట్ మీదే భారం వేయరు. పక్క స్టేషన్‌ను గట్టిగా అడ్డుకునే పనిని 455 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసే తర్వాతి సర్క్యూట్లు చూసుకుంటాయి.

R తక్కువైతే ప్రమాదమైన చోటు వంతెన. లండన్‌లో థేమ్స్ నది మీద పాదచారుల కోసం కట్టిన మిలీనియం బ్రిడ్జిని 2000 జూన్ 10న తెరిచారు. జనం ఒక్కసారిగా ఎక్కారు. వంతెన పక్కలకు ఊగడం మొదలైంది, పట్టుకుని నిలబడాల్సినంతగా. రెండు రోజుల్లో మూసేశారు. మనిషి సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాడు. ఎడమ అడుగు ఒక పక్కకు, కుడి అడుగు మరో పక్కకు కొద్దిగా తోస్తాయి కాబట్టి పక్క తోపు సెకనుకు ఒకసారి వస్తుంది. వంతెనకు ఆ దరిదాపుల్లో సొంత లయలు ఉన్నాయి. ఇంతవరకూ ఇది మామూలు అనునాదంలాగే ఉంది. కానీ అంతమంది తమ తమ అడుగులు తాము వేస్తుంటే ఆ తోపులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. అంత ఊపు ఎందుకు వచ్చింది?

వంతెనను రూపొందించిన ఆరప్ సంస్థ ఇంజనీర్లు జనాన్ని నడిపించి కొలిచారు. నేల పక్కకు కదిలితే మనిషి పడిపోకుండా కాళ్లు ఎడం చేసుకుని, ఆ కదలికకు తగ్గట్టు అడుగు వేస్తాడు. అలా వేసిన అడుగు వంతెన ఎటు పోతుంటే అటే తోస్తుంది. ఆ తోపు వంతెన వేగానికి అనుపాతంలో ఉందని కొలతల్లో తేలింది. వేగానికి అనుపాతంలో ఉండే పదం సమీకరణంలో ఒకే చోట ఉంది, c x' దగ్గర. అక్కడ డ్యాంపర్ ఎదురు తోస్తుంది, మనుషులు కలిసి తోస్తారు. కాబట్టి జనం బలం కుడివైపు F లో కాకుండా ఎడమవైపుకు వచ్చి c లోంచి తీసివేత అవుతుంది. ఒక్కో మనిషి కొంచెం c తగ్గిస్తాడు. మనుషులు తక్కువైతే వంతెనకు ఏమీ కాదు. ఒక సంఖ్య దాటగానే మొత్తం c సున్నా కిందికి పోతుంది. మన సర్క్యూట్‌లో e⁻⁵⁰⁰ᵗ లోని మైనస్ గుర్తు ప్లస్ అయినట్టు. ఆపైన ఆరిపోవాల్సిన కాంప్లిమెంటరీ ఫంక్షనే పెరగడం మొదలుపెడుతుంది. పరీక్షల్లో కూడా జనాన్ని కొద్దికొద్దిగా పెంచుతుంటే చాలాసేపు ఏమీ లేక, ఒక చోట ఊపు హఠాత్తుగా పెరగడమే కనిపించింది. మామూలు అనునాదమైతే జనం పెరిగినకొద్దీ ఊపూ కొద్దికొద్దిగా పెరగాలి.

వంతెన బిగువు పెంచి, అంటే k పెంచి, లయను దూరంగా జరపవచ్చు. కానీ దానికి అదనపు కట్టడం కావాలి, సన్నటి ఆ వంతెన రూపమే మారిపోతుంది. అందుకని c పెంచే దారి ఎంచుకున్నారు. ద్రవం నింపిన 37 డ్యాంపర్లు, వాటితోపాటు స్ప్రింగుల మీద నిలిపిన బరువులతో పనిచేసే డ్యాంపర్లు వంతెనకు బిగించారు. ఎంత c కావాలన్నది ఎక్కగల జనంలో ఒక్కొక్కరూ తీసేసే వాటాను కూడి, అంతకు మించి ఉండేలా లెక్కగట్టారు. మళ్లీ మనుషులను ఎక్కించి నడిపించి చూసుకుని, 2002 ఫిబ్రవరిలో వంతెనను తిరిగి తెరిచారు.